వస్తువు అక్కడే, డబ్బు వెనక్కి

"అక్కా, చీర వచ్చింది కానీ మధ్యలో చిల్లులున్నాయి. నా 1,950 వెనక్కి వేసెయ్యండి. తిరిగి పంపడం నా వల్ల కాదు, కొరియర్ ఆఫీసుకి వెళ్లే టైమ్ లేదు."

వాట్సాప్‌లో చీరలో, పచ్చళ్లో, చిన్నపిల్లల గౌన్లో అమ్ముకునే ఆడవాళ్లను ఎవరినడిగినా, ఇలాంటి మెసేజ్ తమ ఫోన్లో ఒకటైనా ఉందంటారు. అది చదవగానే ఒళ్లు మండుతుంది. డబ్బులూ వాళ్లకే, చీరా వాళ్లకేనా? ఆ మంటలోనే జవాబు టైపు చేసేస్తారు. నష్టం పెరగడం మొదలయ్యేది అక్కడే. ఇలాంటి డిమాండ్ వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఎవరిది తప్పన్నది కాదు, ఆ వస్తువు వెనక్కి వస్తే మన చేతికి ఎంత దక్కుతుందన్నది. ఆ అంకె తెలిస్తే ఎక్కడ గట్టిగా నిలబడాలో, ఎక్కడ వదిలేయాలో చాలావరకు తేలిపోతుంది.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి చోట్ల రిటర్న్ సంగతి ఆ వేదికే నిర్ణయిస్తుంది, అమ్మేవారి మాట పెద్దగా చెల్లదు. నేను చెబుతున్నది నేరుగా అమ్మేవాళ్ల గురించి. ఇంట్లో ఒక బీరువా నిండా సరుకు పెట్టుకుని, ఫోటోలు పెట్టి, యూపీఐలో డబ్బు తీసుకుని, కొరియర్ వేసేవాళ్ల గురించి. వాళ్ల తరఫున మాట్లాడే కస్టమర్ కేర్ ఉండదు, మాట్లాడేదీ నష్టపోయేదీ ఒక్కరే.

ఒక చీరను ఉదాహరణగా తీసుకుందాం. మంగళగిరి నూలు చీర, నిజాం అంచు. అమ్మే ఆవిడ మంగళగిరిలోనే ఉంటుంది, కొన్నావిడ బెంగళూరులో స్థిరపడిన తెలుగు మనిషి. చీర ధర కొరియర్‌తో కలిపి 1,950 రూపాయలు. నేయించే ఆయన దగ్గర ఆవిడ కొన్నది 1,400కి. కవరు, స్టిక్కరు, ప్యాకింగ్ 30, కొరియర్ 90. అంటే చీర కోసం ఆవిడ జేబులోంచి కదిలింది 1,520, మిగిలింది 430. ఊళ్లను బట్టి, సరుకును బట్టి ఈ అంకెలు మారతాయి. మీ అంకెలు వేసుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు.

మొదట చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "నాకు 1,950 నష్టం" అనుకుంటారు. కాదు. చీర వదిలేసి డబ్బంతా తిరిగిచ్చినా జేబుకు పడే చిల్లు 1,520. మిగతా 430 ఇంకా మనది కాని లాభం. అది పోయిందని బాధపడొచ్చు గానీ నష్టంలో కలపకూడదు. చిన్న తేడాలా కనిపించినా, రాజీకి ఎంతవరకు దిగొచ్చో తేల్చేటప్పుడు ఈ 430 రూపాయలే పనికొస్తాయి.

ఇక చీరను వెనక్కి రప్పిస్తే ఏమవుతుందో చూద్దాం. కొన్నావిడ ఇంటి నుంచి కొరియర్‌వాళ్లే తీసుకొచ్చేలా ఏర్పాటు చేస్తే 130 అవుతుందనుకుందాం. వచ్చిన చీర ఏ స్థితిలో ఉందన్నదే అసలు విషయం. నలగకుండా, కట్టకుండా ఉన్న చీరైతే గంజి పెట్టించి ఇస్త్రీ చేయించడానికి ఒక 60 పోతుంది, 1,600కైనా మళ్లీ అమ్ముడుపోతుంది. కొరియర్, ఇస్త్రీ పోగా 1,410 దక్కినట్టు. అదే చీర మధ్యలో చిల్లులతో వస్తే ఎవరు కొంటారు? డ్యామేజ్ పీసుగా, చుడీదార్‌కో పిల్లల లంగాకో కోసుకునేవాళ్లకు 600కి ఇవ్వాలి. 130 తీసేస్తే దక్కేది 470.

ఇక్కడ మన సహజమైన కోపం మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. వస్తువు పాడైందని కొన్నవాళ్లు గోల పెట్టినప్పుడే "అయితే వెనక్కి పంపించు, చూస్తాను" అని మనం పట్టుబడతాం. కానీ వస్తువు ఎంత పాడైతే దాన్ని వెనక్కి రప్పించడంలో అంత తక్కువ దక్కుతుంది. వెనక్కి రప్పించుకోవాల్సింది బాగున్న వస్తువును. రంగు నచ్చలేదనో, ఫోటోలో వేరేలా కనిపించిందనో అన్నప్పుడు, చీర చీరలా ఉన్నప్పుడు తప్పకుండా వెనక్కి అడగాలి. నిజంగా పాడైపోయిందని ఫోటోలో కనిపిస్తుంటే, దాన్ని అక్కడే ఉంచి ఎంతకు తేలుతుందో మాట్లాడుకోవడం మేలు.

ఎంతకు? డబ్బంతా ఇచ్చి చిల్లుల చీరను వెనక్కి తెచ్చుకుంటే మంగళగిరి ఆవిడకు చివరికి మిగిలే నష్టం 1,050. డబ్బంతా ఇచ్చి చీరా వదిలేస్తే 1,520. చీర కొన్నావిడ దగ్గరే ఉంచి 600 తిరిగిస్తే? ఆవిడకు చేరినవి 1,350, ఖర్చయినవి 1,520, నష్టం 170. అదే 400తో ఒప్పుకుంటే జేబులోంచి పైసా కదలదు, పైగా 30 రూపాయలు మిగులుతాయి. ఇంకో వైపు నుంచి చూస్తే, చిల్లుల చీరకు 1,480 వరకు తిరిగిచ్చినా, చీరను వెనక్కి రప్పించి 1,950 ఇవ్వడం కంటే ఎక్కువ నష్టం ఉండదు. 1,480 ఇవ్వమని నేను అనడం లేదు. బేరం ఆడటానికి ఎంత చోటుందో చూడమంటున్నాను. ఆ చోటు తెలియకే చాలామంది రెండు కొసల్లో ఒకటి పట్టుకుంటారు. ఒక్క రూపాయి ఇవ్వనంటారు, లేదంటే భయపడి మొత్తం పంపేస్తారు.

అయితే ముందు చిల్లు నిజమా కాదా, ఎలా పడిందన్నది చూడాలి. ఫోటో అడగడానికి మొహమాటపడకూడదు. కానీ అడిగే తీరు ఉంటుంది. "ఫోటో లేకుండా కుదరదు" అనడం వేరు. "అయ్యో, చూస్తానండీ. చిల్లున్న చోట దగ్గరగా ఒకటి, చీర మొత్తం పరిచి ఒకటి, వచ్చిన కవరు మీద అడ్రస్ కనిపించేలా ఒకటి పంపిస్తారా? ఎక్కడ తేడా జరిగిందో నాకూ తెలియాలి కదా" అనడం వేరు. రెండో మాటకు నిజాయితీగా అడుగుతున్న మనిషి పది నిమిషాల్లో ఫోటోలు పంపిస్తుంది. పంపలేని మనిషి కోపం తెచ్చుకుంటుంది. ఈ ఒక్క ప్రశ్నతోనే చాలావరకు మనిషి తెలిసిపోతుంది.

చీర మొత్తం పరిచిన ఫోటో ఎందుకంటే, చిల్లులు ఎలా ఉన్నాయన్నది వాటి కథ చెబుతుంది. నేతలో లోపం సాధారణంగా ఒక్క చోటే ఉంటుంది. పేక నూలు తప్పితే అడ్డంగా ఒక గీతలా, అంచు నుంచి అంచు వైపు సాగుతుంది. పడుగు నూలు తెగితే నిలువుగా సన్నని ఖాళీ కనిపిస్తుంది, వెలుగుకు అడ్డం పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. గాజుకో మేకుకో తగిలితే నూలు లాగేసినట్టు ముడుచుకుంటుంది. ఎలుకో పురుగో అయితే చిల్లు అంచులు గరుకుగా, వంకరటింకరగా ఉంటాయి. ఇవేవీ కాకుండా శుభ్రంగా గీసినట్టున్న కోతలు, ఒకే వరసలో, మడత ఎడానికి ఒకటి చొప్పున, ఒకదాని కంటే ఒకటి చిన్నవవుతూ వెళ్తున్నాయంటే అది కత్తెర పని, లేదా బ్లేడు పని. మడతపెట్టి ఉన్న చీర మీద పదునైనది దిగితే పై మడతలో పెద్ద కోత, కింది మడతల్లో చిన్న కోతలు పడతాయి. చీర విప్పి పరిస్తే అవే వరసగా కనిపిస్తాయి. మగ్గం మీద అలాంటి లోపం రాదు.

మన బెంగళూరు ఆవిడ పంపిన ఫోటోలో అలాగే ఉన్నాయనుకుందాం. నాలుగు కోతలు, ఒకే వరస. పార్సిల్ విప్పుతూ ఆవిడే కత్తెర దించింది, ఆ సంగతి ఆవిడకు తెలియదు. చీర మడతల్లో ఉండగా కోసింది, తర్వాత విప్పితే చిల్లులు కనిపించాయి, చిల్లుల చీర పంపారనుకుంది. అబద్ధమాడటం లేదు.

ఇప్పుడు అమ్మిన ఆవిడ చేతికి నిజం దొరికింది. ఆ నిజంతో రెండు పనులు చేయొచ్చు. "మీరే కోసుకుని నా మీద పడతారా" అని కొట్టొచ్చు. గెలుస్తుంది కూడా, కానీ అవతలి మనిషి ఇంకెప్పుడూ ఆ నంబరుకు మెసేజ్ పెట్టదు. తన తప్పును ఒప్పుకోవడానికి ఇష్టపడక, తన వాదనను అపార్ట్‌మెంట్ గ్రూపులో వినిపిస్తుంది. అక్కడ ఫోటోలో చిల్లులుంటాయి, మడతల లెక్క ఎవరూ వినరు.

లేదంటే ఇలా రాయొచ్చు: "ఫోటో చూశానండీ. నాలుగు కోతలూ ఒకే వరసలో ఉన్నాయి చూడండి, మడత మీద కత్తెర తగిలితే ఇలా పడతాయి. కవరు విప్పేటప్పుడు తగిలి ఉంటుంది. నేను కూడా కవరు లోపల అట్ట పెట్టి ఉండాల్సింది. చీర బాగుంది కాబట్టి రఫూ చేయించుకుంటే కుచ్చిళ్లలో కలిసిపోతుంది. రఫూ ఖర్చు నాది, 300 పంపిస్తాను. వద్దనుకుంటే నేనే పికప్ పెట్టిస్తాను, చీర చూసి మాట్లాడుకుందాం."

ఈ జవాబు మెత్తదనం వల్ల వచ్చింది కాదు. ఇందులో నిజం దాచలేదు, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది. తన వంతుగా పెట్టాల్సిన అట్టను ఒప్పుకుంది. ఎదుటి మనిషి తలదించుకోకుండా తప్పుకునే దారి ఇచ్చింది. 300 పంపాక ఆవిడకు చేరినవి 1,650, ఖర్చు 1,520. ఇంకా 130 లాభంలోనే ఉంది. నేను గమనించినంతలో ఇలాంటి చోట చాలామంది కొనుగోలుదారులు "300 వద్దులెండి" అనకపోయినా, మొత్తం డబ్బు మాట వదిలేస్తారు. వాళ్లకు కావాల్సింది తమ మాట ఒకరు విన్నారన్న నమ్మకం.

ఇక్కడ కొన్నవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. "తిరిగి పంపను" అన్న ప్రతి ఒక్కరినీ మోసగాళ్లనుకోవడం అన్యాయం. ఉద్యోగం చేసుకునే మనిషికి మళ్లీ ప్యాక్ చేసి, కొరియర్ ఆఫీసు వెతుక్కుని, ముందు తన డబ్బు పెట్టి పంపడం భారమే. దానికంటే పెద్దది భయం. చీర పంపేశాక అమ్మినావిడ ఫోన్ ఎత్తకపోతే? చీరా పోయె, డబ్బూ పోయె. అమ్మేవారికీ సరిగ్గా అదే భయం. డబ్బు వేసేశాక చీర రాకపోతే? ఇద్దరూ ముందు అవతలివాళ్లు కదలాలని కూర్చుంటారు. దాన్ని తెంచే పని అమ్మేవారిదే, ఎందుకంటే వ్యాపారం ఆవిడది. పికప్ ఆవిడే పెట్టించాలి, ఖర్చు ఆవిడే భరించాలి. కొరియర్ అబ్బాయి పార్సిల్ తీసుకున్నట్టు ట్రాకింగ్‌లో కనిపించగానే సగం డబ్బు, చీర చేరి చూసుకున్నాక మిగతా సగం అని ముందే చెప్పాలి. వెయ్యి దాటిన వస్తువుకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. దీనికి కూడా ఒప్పుకోకుండా, ఇంటికి మనిషి వచ్చి తీసుకెళ్తానన్నా ఇవ్వనంటే అప్పుడు అనుమానించడానికి కారణం ఉంది.

తినే వస్తువుల సంగతి పూర్తిగా వేరు. అరకిలో ఆవకాయ సీసా 350కి అమ్మారు, దారిలో మూత వదులై నూనె కారింది. వెనక్కి తెప్పించి ఏం చేస్తారు? మూత తెరుచుకున్న పచ్చడిని ఇంకొకరికి అమ్మలేరు, అమ్మకూడదు. దాని విలువ సున్నా, పైన కొరియర్ ఖర్చు. అలాంటప్పుడు "తిరిగి పంపండి" అనడం పరీక్ష పెట్టడమే తప్ప దానివల్ల రూపాయి రాదు. కారిన కవరు ఫోటో చూసి, అదే రోజు ఇంకో సీసా గట్టిగా ప్యాక్ చేసి పంపడమే మంచిది. డబ్బు తిరిగిచ్చినా, ఇంకో సీసా పంపినా ఖర్చు దగ్గరదగ్గరగానే ఉంటుంది, సీసా పంపితే మొదటి అమ్మకం నిలబడుతుంది, పచ్చడి ఆ ఇంటికి చేరుతుంది. రుచి చూసినవాళ్లు మళ్లీ అడుగుతారు, డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లు సాధారణంగా అడగరు.

పెద్ద కంపెనీలు కూడా ఈ లెక్కే వేస్తాయి. అమెరికాలో అమెజాన్ 2017లోనే, వస్తువు తిరిగి తీసుకోకుండా డబ్బు వాపసు చేసే వీలును తన దగ్గర అమ్ముకునేవాళ్లకు ఇచ్చింది. వెనక్కి తెచ్చే ఖర్చు వస్తువు విలువను మింగేసే చోట అది పనికొస్తుంది. కొందరు అమ్మకందారులు వస్తువును కోసేసి ఫోటో పంపమంటారు, మళ్లీ అమ్ముకోకుండా. చేనేత చీర విషయంలో ఆ పని ఎవరూ అడగొద్దని నా మనవి. ఒక మనిషి రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసినదాన్ని, రఫూతో ఇంకా కట్టుకోగలిగినదాన్ని, అనుమానం తీర్చుకోవడానికి ముక్కలు చేయించడం నాకు మనసొప్పదు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది "నో రిటర్న్, నో రిఫండ్" అని స్టేటస్‌లో పెట్టుకుని దాన్నే కవచం అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు కూడా, వస్తువులో లోపం ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన సమయానికి చేరకపోయినా అమ్మినవారు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనకూడదంటున్నాయి. కాబట్టి లోపం నిజమైతే స్టేటస్‌లో పెట్టిన మాట నిలబడదు. అలాగే "అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే వినం" అన్న షరతు కూడా. వీడియో మంచి సాక్ష్యమే, అమ్మకానికి ముందే చెప్పి అడగొచ్చు. కానీ వీడియో లేనంత మాత్రాన లోపమున్న చీర మంచి చీర అయిపోదు.

అదే సమయంలో, ఆ నియమాల్లో ఉన్నది "వెనక్కి తీసుకోవడం" గురించి. మీ ఖర్చుతో వస్తువును వెనక్కి అడగడం తప్పేమీ కాదు. మనసు మారితే డబ్బు వాపసు ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు, అది మీరు ముందే చెప్పిన షరతును బట్టి ఉంటుంది. కత్తెర తగిలిన చీరలో లోపం అమ్మినవారిది కాదు. మంగళగిరి ఆవిడ గట్టిగా నిలబడితే న్యాయం ఆవిడ పక్కనే ఉంటుంది.

కానీ ఆ న్యాయం తేల్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో చూడండి. కొన్న మనిషి తాను ఉంటున్న, లేదా పనిచేస్తున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయిదు లక్షల లోపు విషయానికి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్లోనే వేయొచ్చు. అంతకంటే ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. బెంగళూరులో ఫిర్యాదు పడితే మంగళగిరి నుంచి జవాబు చెప్పుకోవాలి. నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 300 రూపాయల మాట మీద మొండికేస్తే ఇంత దూరం పోయే అవకాశం ఉంది. చాలామంది అంత దూరం వెళ్లరు నిజమే. కానీ వెళ్తే ఒక ప్లీడరుతో మాట్లాడే ఖర్చుకే చీర ధర చెల్లు.

గ్రూపుల్లో పరువు సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్ల ధర ఎక్కువగా ఉందన్న కొనుగోలుదారుకు ఒక పచ్చళ్ల వ్యాపారం నంబరు నుంచి తిట్లతో వాయిస్ మెసేజ్ వెళ్లింది. అది రెండు రాష్ట్రాల్లోనూ ఫోన్ ఫోన్‌కీ పాకింది. అక్కడ వాపసు గొడవ కూడా లేదు, ఒక్క జవాబే. వాదన ఖరీదు అన్నప్పుడు నేను కలిపి లెక్కవేసేది ఇదీ.

అలాగని అడిగిన ప్రతిసారీ ఇవ్వాలని కాదు. కొన్ని చోట్ల ఇవ్వకూడదు. ఫోటో లేదు, వివరం లేదు, మొదటి మెసేజ్‌లోనే "డబ్బు వేయకపోతే రివ్యూలో ఉతికేస్తా" అని ఉందనుకోండి. బెదిరింపుకు ఇచ్చిన డబ్బుతో గొడవ ఆగదు. రేపు ఇంకొకరికి చెబుతుంది. రెండోసారి అదే మనిషి, అదే ఇంటి నంబరు, అదే రకం ఫిర్యాదుతో వచ్చినా అంతే. అందుకే ఒక నోట్‌బుక్ ఉండాలి. తేదీ, ఫోన్ నంబరు, పిన్‌కోడ్, ఏమన్నారు, ఏమిచ్చారు. మొదటిసారి మంచితనం, రెండోసారి పికప్, అది దాటితే ఆ నంబరుకు అమ్మకం లేదు.

ధర పెరిగితే లెక్క తిరగబడుతుంది. 12,000 పట్టుచీరకు "వెనక్కి పంపను, డబ్బు ఇవ్వు" అంటే ఒప్పుకోవడానికి కారణమే లేదు. చిన్న మరకతో వచ్చినా ఆ చీరకు వేలల్లో విలువ ఉంటుంది, పికప్ ఖర్చు దాని ముందు ఎంత? అక్కడ చీర చేతికి రావాలి. వచ్చిన పార్సిల్‌ను కవరు మీద లేబుల్ కనిపించేలా వీడియో తీస్తూ విప్పాలి, వేరే చీర పెట్టి పంపిన సందర్భాల్లో ఆ వీడియోనే దిక్కు. ఆ తర్వాతే మిగతా డబ్బు. మాట వినకపోతే ఒక్క చివరి మెసేజ్ రాయాలి: "పికప్ ఖర్చు మాదే. మీకు వీలైన రోజు చెప్పండి. పార్సిల్ కొరియర్‌వాళ్లు తీసుకోగానే సగం, చేరాక మిగతాది పంపిస్తాను." ఇక దాని మీద వాదించకుండా ఆగిపోవాలి. రేపు ఎవరైనా అడిగితే ఆ మెసేజ్‌ను మించిన సాక్ష్యం లేదు. వెనక్కి తీసుకోనని మీరనలేదు, ఆవిడే ఇవ్వలేదు.

డబ్బు పంపేటప్పుడు జరిగే మోసాలు కొన్ని ఉన్నాయి, ఇవి మంచితనంతో ఉన్నవాళ్లనే పట్టుకుంటాయి. రిఫండ్ అడిగిన మనిషి అసలు డబ్బు వేసిందా? స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు ఖాతాలో ఆ జమ కనిపించాలి. పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది పంపమనేవాళ్ల విషయంలోనూ ఇదే చూసుకోవాలి. వచ్చిన ఖాతాకే తిరిగి పంపాలి, "మా తమ్ముడి నంబరుకు వేయండి" అంటే కుదరదనాలి. క్యూఆర్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటే ఆగండి. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. కార్డుతో, పేమెంట్ లింకు ద్వారా కట్టినవాళ్లకు మాత్రం ఆ లింకు ఇచ్చిన గేట్‌వే నుంచే, ఆ ఆర్డరు మీదే రిఫండ్ కొట్టాలి. మీరు విడిగా ఫోన్‌పేలో పంపేసి, వాళ్లు తమ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ కూడా అడిగితే డబ్బు రెండుసార్లు పోతుంది.

పంపే ముందు ఇంకొక్క మాట రాసి తీసుకోవాలి: "300 పంపిస్తున్నానండీ, దీంతో ఈ ఆర్డరు లెక్క పూర్తయినట్టే కదా?" అవతల "సరే" అని వచ్చాకే పంపాలి. ఇది లేక, 300 తీసుకున్నాక మిగతా 1,650 అడిగినవాళ్లున్నారు. "సరే" అన్న మెసేజ్ ఉంటే మాట అక్కడితో ఆగుతుంది. పంపిన వెంటనే స్క్రీన్‌షాట్ కూడా అదే చాట్‌లో పెట్టాలి.

నోట్‌బుక్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని నెలలు రాశాక తిరగేస్తే ఫిర్యాదులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. ముదురు రంగు చీరలకు "రంగు దిగింది" అన్న మాట ఎక్కువగా ఉంటే, మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో ఉతకమని రాసిన చీటీ లోపల లేదన్నమాట. సీసా మూతలు వదులవుతున్నాయంటే సీలు మార్చాలి. కోతలు పడుతున్నాయంటే పార్సిల్ విప్పే తీరు మీద, కట్టే తీరు మీద దృష్టి పెట్టాలి. మంగళగిరి ఆవిడ చీరను ప్లాస్టిక్ కవరులో నేరుగా పెట్టి టేపు వేసింది. కవరుకూ చీరకూ మధ్య ఏమీ లేదు, కత్తెర మొన దిగితే బట్టకే తగులుతుంది. చీరకు రెండు వైపులా పలచని అట్ట పెట్టి, టేపు కొసను కొంచెం మడిచి వేలితో లాగడానికి వదిలి, కవరు మీద "కత్తెర వాడకండి, ఇక్కడ లాగండి" అని పెద్ద అక్షరాల్లో స్టిక్కరు వేస్తే, చీరకు ఓ పది రూపాయలు అదనంగా పడుతుంది. ముప్పై చీరలకు అట్టలు పెడితే అయ్యే 300, ఒక్క రఫూకు పంపిన డబ్బుతో సమానం.